వచ్చే ఏడాదిలో కాపురమున్న మా మామగారు

ఈ ఏడాది పంచాంగం మా మామగారు కట్టిందే. పుస్తకం అచ్చయి ఇంటికి వచ్చేసరికి ఆయన లేరు. వంటింటి గుమ్మం పక్కన మేకుకి తగిలించాను. పొద్దున్నే పొయ్యి వెలిగించే ముందు ఆ రోజు పేజీ చూసుకోవడం నాకు అలవాటు. చూసినప్పుడల్లా, ఈ రోజు ఎలాంటిదో ఆయన ముందే చూసి వెళ్ళారు కదా అనిపిస్తుంది. అక్కడే నిలబడిపోతాను. ఈలోగా పాలు పొంగిపోతాయి.

పంచాంగం కట్టేవాళ్ళందరూ ఒక ఏడాది ముందుంటారు. జనం ఈ ఏడాది పుస్తకం తిరగేస్తుంటే వాళ్ళ బల్ల మీద వచ్చే ఏడాది కాగితాలుంటాయి. మిగతావాళ్ళు బల్ల ముందు నుంచి లేవగానే తిరిగి వచ్చేస్తారేమో. మా మామగారు వచ్చేవారు కాదు. ఆయన కాపురం అక్కడే. భోజనానికి మాత్రం ఈ ఏడాదిలోకి వచ్చి వెళ్ళేవారు. పొద్దున్నే లేచి, “అమ్మాయ్, ఇవాళ పున్నమి, ఎండ బాగా కాస్తుంది, వడియాల గుడ్డ తియ్యండి” అనేవారు. బయట ముసురు పట్టి ఉండేది. పున్నమి ఉండేది నిజమే, వచ్చే ఏడాది. ఎండ మాత్రం ఏ ఏడాదిదో నాకు ఇప్పటికీ తెలీదు. మా వీధిలో ఆయన్ని వచ్చేయేడు సిద్ధాంతిగారు అనేవారు. ఆయనకి తెలుసు. కోపం లేదు. “వెనకబడ్డవాణ్ణి అనలేదు కదా” అనేవారు.

మా అత్తగారికి మాత్రం ఆ పేరు గిట్టేది కాదు. “వచ్చే ఏడాది మీదైతే ఈ ఏడాది కిరాణా ఎవరు తెస్తారు?” అని సంచీ చేతికిచ్చేది.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి ఐదో తరగతి దాటిన చదువు లేదు. అంకెలు మాత్రం బాగా చదువుతాను. ఆయనకి చూపు మందగించింది కాబట్టి గ్రహాల పట్టికలు నేను పైకి చదువుతుంటే ఆయన లెక్క వేసుకునేవారు. ఒకరోజు అడిగేశాను.

“మామయ్యగారూ, ఇన్నాళ్ళూ చిలకలా చదువుతున్నాను. ఈ తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం, ఐదూ దేన్ని కొలుస్తాయో కాస్త చెప్పరూ?”

ఆయన కళ్ళజోడు తీసి పెట్టి, “మీ అత్తని పిలు” అన్నారు.

అత్తగారు తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. “ఏం, మళ్ళీ నేనేం చేశాను?”

“ఏం చెయ్యలేదు. నువ్వు చంద్రుడివి. నేను సూర్యుణ్ణి.”

“ఈ వయసులో ఇదేం మాటలండీ, కోడలి ముందు” అని ఆవిడ వెనక్కి తిరగబోయింది.

“ఆగవోయ్. మన వెనక మైదానం ఉందా? దాని చుట్టూ రోడ్డుందా? ఆ రోడ్డు మీద మనిద్దరం ఒకే వైపు నడుస్తున్నాం అనుకో. నువ్వు చురుకు, నేను మెల్ల. నువ్వు నన్ను కలిసి పక్కన నిలబడ్డ క్షణం అమావాస్య.”

“పక్కన నిలబడితే అమావాస్యా!”

“నా వెలుగులో నువ్వు కనపడవు.”

“మీ వెలుగు! కళ్ళజోడు లేనిదే గుమ్మం కనపడని సూర్యుణ్ణి నేనెక్కడా చూళ్ళేదు.”

“విను. అక్కణ్ణుంచి నువ్వు ముందుకు పోతావు. మన మధ్య ఎడం పెరుగుతుంది. గుండ్రటి రోడ్డంతా మూడువందల అరవై డిగ్రీలు. ఎడం పన్నెండు డిగ్రీలైతే పాడ్యమి అయిపోయింది. ఇరవైనాలుగైతే విదియ అయిపోయింది. నువ్వు మైదానానికి సరిగ్గా ఆ వైపు, నేను ఈ వైపు ఎదురెదురుగా ఉన్నామా, పున్నమి. అంత దూరంలో ఉంటేనే నువ్వు నిండుగా కనపడతావు.”

“అందుకే మా పుట్టింటికి పంపితే ఒళ్ళు చేసి వస్తాను.”

“మళ్ళీ చుట్టు తిరిగి వచ్చి నన్ను కలిస్తే అమావాస్య. ఆ ఎడాన్ని ముప్ఫై ముక్కలు చేస్తే ముప్ఫై తిథులు. తిథంటే మనిద్దరి మధ్య ఎడం, అంతే. ఒకరోజు నువ్వు ఉరుకుతావు, తిథి పొట్టిదవుతుంది. ఒకరోజు నీరసంగా ఈడుస్తావు, తిథి పొడుగవుతుంది. అందుకే తిథి గడియారం చూసుకుని మారదు, ఏ వేళకైనా మారుతుంది.”

“మరి నక్షత్రం?” అన్నాను నేను, వాళ్ళు పోట్లాటలోకి జారిపోతారేమోనని.

“రోడ్డు పొడుగునా సమానంగా ఇరవైయేడు కొట్లున్నాయనుకో. మీ అత్త ఏ కొట్టు ముందుందో అదే ఆ వేళ నక్షత్రం. దాంట్లో నా ప్రసక్తి లేదు. ఒక్క చంద్రుడున్న చోటు.”

“ఏ కొట్టు ముందు నిలబడినా కొననివ్వరుగా” అంది అత్తగారు.

“యోగానికి ఇద్దరమూ కావాలి. మొదటి కొట్టు మెట్టు దగ్గర్నుంచి మీ అత్త ఎంత దూరం వచ్చిందో, నేనెంత దూరం వచ్చానో, రెండూ కూడాలి. తీసివేస్తే తిథి, కూడితే యోగం. ఆ కూడికనీ ఇరవైయేడు భాగాలే చేస్తాం. ఇరవైయేడు యోగాలు.”

“కూడి ఏం చేస్తారు?”

మామగారు కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నారు. “రాసి పెడతాం” అన్నారు.

“కరణం?”

“తిథిలో సగం. పన్నెండు డిగ్రీల ఎడం తిథైతే ఆరు డిగ్రీలు కరణం. నెలకి అరవై. ఏడు పేర్లు ఎనిమిది సార్లు తిరుగుతాయి, నాలుగు పేర్లు మాత్రం అమావాస్య చుట్టుపక్కల నెలకొక్కసారి మొహం చూపించి పోతాయి, మీ పెద్దాడపడుచు మొగుడిలాగ.”

“అల్లుడి జోలికెందుకు” అని అత్తగారు లేచింది. “వారం సంగతి నేను చెప్తా. వారమంటే వారమే. సోమవారం తర్వాత మంగళవారం. దానికి సిద్ధాంతి అక్కర్లేదు.”

“అక్కర్లేదు గానీ, మన వారం పొద్దు పొడిచాక మొదలై మర్నాడు పొద్దు పొడిచేదాకా ఉంటుంది. అర్ధరాత్రి మారదు. అది గుర్తుంచుకోండి” అన్నారు మామగారు.

నేను గుర్తుంచుకున్నాను. అత్తగారు ఇంకా బాగా గుర్తుంచుకుంది. మా కొంప ముంచబోయింది ఆ గుర్తే.

మా చిన్నాడపడుచుకి పెళ్ళి ఆలస్యమైంది. కుట్టుమిషను పెట్టుకుని ఇంట్లోనే బట్టలు కుట్టేది. మాట గట్టిది, మనసు మెత్తన. అంతకుముందు రెండు సంబంధాలు కుదిరినట్టే కుదిరి తప్పిపోయాయి. రెండుసార్లూ తప్పించింది మామగారే. ఒకసారి నక్షత్రాలు పొసగలేదన్నారు. ఇంకోసారి అన్నీ పొసగాయిగానీ మంచి ముహూర్తం దొరకలేదన్నారు. అది దొరికేలోగా ఆ అబ్బాయికి వేరేచోట పెళ్ళయిపోయింది. “ఊరందరికీ రోజులు పంచిపెట్టే మా నాన్న దగ్గర నాకొక్క రోజు లేదు వదినా” అనేది, సూదిలో దారం ఎక్కిస్తూ.

మూడో సంబంధం కళ్ళజోళ్ళ అబ్బాయి. మామగారి కళ్ళజోడు మరమ్మతుకి తీసుకెళ్ళి ఆడపడుచే అతణ్ణి చూసింది. ఆ కళ్ళజోడు ఆ తర్వాత నెలలో చాలాసార్లు పాడైంది. వాళ్ళమ్మకి పట్టింపులెక్కువ. కొడుకు పుట్టాక ఒక్క మంచి పనీ ముహూర్తం లేకుండా చెయ్యలేదని చెప్పుకునే మనిషి. “ముహూర్తంలో చిన్న నలుసున్నా నేనొప్పుకోనండీ, ఆ తర్వాత ఈ పిల్లా వద్దు, ఈ మాటా వద్దు” అని మొదటిరోజే చెప్పేసింది. సిద్ధాంతిగారి పిల్లని చేసుకుంటే ఆ బెంగ ఉండదనే ఒప్పుకుంది.

ఆ ఏడాది కొత్త పంచాంగం జనం చేతికొచ్చిన వారానికే అన్నీ మాట్లాడుకున్నారు. మామగారి బల్ల మీద అప్పటికే పై ఏడాది కాగితాలు పరిచి ఉన్నాయి. ఆయన వాటిమీద వంగి, వేలితో వరసలు దువ్వి, తలెత్తి, మొహమంతా నవ్వుతో చెప్పారు.

“దొరికిందమ్మా! ఈ నెల ముప్పయ్యో తారీఖు. ఆదివారం. వైశాఖ శుద్ధ దశమి. మఖా నక్షత్రం, వృద్ధి యోగం, గరజి కరణం. ఐదూ అయిదు మాణిక్యాలు.”

ఆడపడుచు మిషను తొక్కడం ఆపేసింది. అంత వేగంగా ఆయన నోట ముహూర్తం వస్తుందని ఎవరం అనుకోలేదు. ఒక చీటీ మీద రాసి ఇచ్చారు. ఆ చీటీ ప్రెస్సుకి వెళ్ళింది.

ప్రెస్సాయన మర్నాడు పొద్దున్నే వచ్చాడు. పంచాంగాన్ని అచ్చేసేదీ ఆయనే, పెళ్ళి కార్డులు అచ్చేసేదీ ఆయనే. మామగారు స్నానానికి వెళ్ళారు. వరండాలో అత్తగారుంది.

“అమ్మా, చీటీలో ముప్పయ్యో తారీఖు ఆదివారం అనుంది. క్యాలెండర్లో ముప్పై శనివారం. ఏది వెయ్యమంటారు?”

“నీకు తెలీదులే నాయనా” అంది అత్తగారు, గొంతు సవరించుకుని. “పంచాంగం వారం వేరు, మీ క్యాలెండరు వారం వేరు. మీది అర్ధరాత్రి మారుతుంది. మాది పొద్దు పొడిస్తే మారుతుంది. అందుకని ఒక రోజు అటూ ఇటూ అవుతుంది.”

“అబ్బో” అన్నాడు ప్రెస్సాయన. “ఇన్నేళ్ళు అచ్చేస్తున్నా, ఈ సంగతి తెలీదమ్మా.”

“ఇంట్లో ఉంటేనే తెలుస్తుంది.”

ఆయన వెళ్ళి కార్డు మీద ఇలా వేశాడు: ‘ముప్పయ్యో తేదీ, శనివారం, పంచాంగరీత్యా ఆదివారం.’ ఎవరికైనా అనుమానం రాకపోయేది కాదు. కానీ సిద్ధాంతిగారింటి కార్డు! దాన్ని పట్టుకుని గోడమీది పంచాంగం వైపు చూసే ధైర్యం ఎవరికుంది? చూసినవాళ్ళు నలుగురైదుగురున్నారని తర్వాత తెలిసింది. ఒకాయన ముప్పయ్యో తేదీకి ఎదురుగా అమావాస్య చూసి కళ్ళు నులుముకుని, “ఏదో పెద్ద లెక్కే ఉండుంటుంది, మనకందదు” అనుకుని కార్డు జేబులో పెట్టుకున్నాడట. ఒకావిడైతే తన కొడుక్కి కూడా అలాంటి రహస్య ముహూర్తమే పెట్టించుకోవాలని ముచ్చటపడిందట.

పెళ్ళి మా మేడ మీదే. భోజనాలూ అక్కడే. దీపాలు అద్దెకి తెద్దామన్నారు మా ఆయన. మామగారు వద్దన్నారు. “దశమి చంద్రుడుంటాడురా, సగానికి పైగా నిండి. చీకటి పడేసరికే నడినెత్తి దగ్గరికి వచ్చుంటాడు, అర్ధరాత్రి దాటేదాకా దిగడు. వెన్నెల్లో వడ్డిద్దాం.” ఆడపడుచుకి ఆ మాట ఎంత నచ్చిందో! పెళ్ళి చీర అంచు వెన్నెల్లో ఎలా మెరుస్తుందో చూడాలని రోజూ సాయంత్రం మేడెక్కి ఆకాశం చూడ్డం మొదలుపెట్టింది.

పెళ్ళి ఇంకా మూడు రోజులుందనగా, తెల్లవారుతుంటే ఆరేసిన బట్టలు తియ్యడానికి వెళ్ళిన పిల్ల గబగబా దిగి వంటింట్లోకి వచ్చింది.

“వదినా, దశమికి మూడు రోజుల ముందేముంటుంది?”

“సప్తమి.”

“సప్తమి చంద్రుడెలా ఉంటాడు?”

“సగం కోసిన దోసకాయ ముక్కలా. పొద్దుగుంకేసరికి నడినెత్తి మీదుంటాడు.”

“సాయంత్రం ఎంత వెతికినా లేడు వదినా. ఇప్పుడు తెల్లారగట్ల తూర్పున ఉన్నాడు. గోరంత.”

నా చేతిలో గరిట ఆగిపోయింది. తెల్లారగట్ల తూర్పున గోరంత చంద్రుడంటే బహుళ పక్షం చివర. అంటే చంద్రుడు వెనకనుంచి సూర్యుణ్ణి కలవబోతున్నాడు. మా అత్తగారు మైదానం చుట్టు తిరిగి మామగారి పక్కకి రాబోతోంది. ఇంకా కొంచెం ఆలోచిస్తే ఇంకోటి తట్టింది. పొద్దు పొడవకముందు పంచాంగం వారం క్యాలెండరు కన్నా వెనకుంటుంది. క్యాలెండరు ఆదివారమైపోయినా పంచాంగంలో ఇంకా శనివారమే కావచ్చు. ముందుకు మాత్రం ఎప్పుడూ పోదు. శనివారం నాడు ఆదివారమనడానికి ఏ పంచాంగానికీ వీల్లేదు.

ఆడపడుచు తిన్నగా వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళింది. నేను వెనకే.

“నాన్నా, మూడు రోజుల్లో దశమి చంద్రుణ్ణి ఎక్కణ్ణుంచి తెస్తావు?”

“తేవడమెందుకమ్మా, ఆయనే వస్తాడు.”

“గోరంత మిగిలాడు. ఇంకా తరుగుతున్నాడు.”

మామగారు నవ్వుతూ కాగితం అందుకున్నారు. తల దగ్గర రాసి ఉన్న సంవత్సరం చూశారు. నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం మారిపోయాయి. మేకుకున్న ఆ ఏడాది పంచాంగం తీసుకురమ్మన్నారు. తెచ్చాను. పేజీ నన్నే చదవమన్నారు.

“ముప్ఫై. శనివారం. చైత్ర బహుళ అమావాస్య. అశ్విని.”

“యోగం?” అన్నారు ఆయన.

“ప్రీతి.”

“కరణం?”

“చతుష్పాత్తు. తర్వాత నాగవం.”

ఆయన కుర్చీలో వెనక్కి వాలిపోయారు. “ఏడాదికి పది పదకొండు తిథులు జరుగుతాయి కదమ్మా. అదే తారీఖు, దశమి కాస్తా అమావాస్య. నా చేతులతో నేనే వేసిన లెక్క.” పుస్తకం మూసి, “యోగం ఒక్కటీ బావుంది” అన్నారు.

అప్పుడే వచ్చిన అత్తగారు సంగతి తెలుసుకుని గడప మీద కూలబడింది. “అమావాస్య నాడు పిల్ల పెళ్ళా! ఊళ్ళో వాళ్ళందరికీ రోజులు చూసి, మన పిల్లని తీసుకెళ్ళి...” అని, కొంచెం తేరుకుని, గొంతు తగ్గించింది. “ఎవరికైనా తెలుసా?”

“మనకే” అన్నారు మామగారు.

“అయితే నోరు మూసుకుందాం. మీరు పెట్టిందే ముహూర్తం. అడిగితే యోగం బావుందనండి.”

ఆడపడుచు గోడకానుకుని నిలబడింది. వియ్యపురాలికి తెలిస్తే ఈ సంబంధమూ పోతుంది. తెలియకుండా పెళ్ళి జరిగిపోతే అబ్బాయి తన వాడవుతాడు, కానీ రేపెప్పుడో ఏ చిన్న కష్టమొచ్చినా ఆ ఇంట్లో వేలు ఈ పిల్ల వైపే లేస్తుంది. రెండూ ఆ పిల్ల మొహంలో కనపడుతున్నాయి.

మామగారు లేచి చొక్కా తొడుక్కున్నారు.

“ఎక్కడికి?” అంది అత్తగారు.

“చెప్పి వస్తాను.”

“వద్దంటారు వాళ్ళు!”

“అనొచ్చు. ఇన్నేళ్ళు జనానికి తప్పు రోజు ఇవ్వలేదు. నా పిల్లకిచ్చి ఊరుకుంటానా?”

దారిలో ఆయన ముందు, వెనకే నేను చంకలో ఆ ఏడాది పంచాంగం పెట్టుకుని నడిచాను. మళ్ళీ పొరపాటున వేరేది తీసుకెళ్తారేమోనని అత్తగారు నా చేతికే ఇచ్చింది. రావద్దన్నా వినకుండా ఆడపడుచు మైదానం మలుపు దాకా వచ్చి అక్కడ నిలబడిపోయింది.

కళ్ళజోళ్ళ కొట్టు మీద వాటా వాళ్ళది. కింద అబ్బాయి ఎవరికో అక్షరాల అట్ట చూపించి చదివిస్తున్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. వియ్యపురాలు పైన బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

మామగారు కూర్చోలేదు. “అమ్మా, నేను పెట్టిన ముహూర్తం తప్పు. వచ్చే ఏడాది కాగితంలోంచి చూసి చెప్పాను. ఆ రోజు దశమి కాదు, అమావాస్య” అన్నారు, ఒక్క ఊపిరిలో.

ఆవిడ చేట పక్కన పెట్టింది. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత పమిట నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. 

“తప్పా!” అంది. “తప్పేనా అన్నయ్యగారూ? నిజంగా తప్పేనా?”

“తప్పేనమ్మా.”

“బతికించారు.”

మామగారు నా వైపు చూశారు. నేనాయన వైపు చూశాను.

“కార్డు వచ్చిన రోజే పంచాంగం చూశాను” అంది ఆవిడ ముక్కు చీదుకుంటూ. “అమావాస్య! అంత పెద్ద సిద్ధాంతి ఊరికే అమావాస్య పెడతాడా, పిల్లలో ఏదో ఉండుంటుంది, దానికి అమావాస్య నాడు చేస్తేనే విరుగుడేమో అనుకున్నాను. మిమ్మల్నడిగే మొహం లేదు. గుట్టుగా ఇంకో సిద్ధాంతి దగ్గరికెళ్ళాను. ఆయన కార్డు అటూ ఇటూ తిప్పి, మీ పేరు చూసి, ‘ఆయన పెట్టారంటే మనకు తెలియని లోతేదో ఉంది తల్లీ’ అన్నాడు. అప్పట్నుంచీ అన్నం సయించడం లేదు. పిల్లలో లోపమూ, లోతూ ఏమీ లేవుగా?”

“ఏ లోతూ లేదమ్మా. ఒట్టి మతిమరుపు.”

“అది మా ఇంట్లోనూ ఉంది లెండి” అని కళ్ళు తుడుచుకుని, ఆవిడ వెంటనే గట్టిపడింది. “అయితే ఇంకో ముహూర్తం పెట్టండి. ఇక్కడే, నా ఎదురుగా. ముందు అట్ట మీద ఏడాది పైకి చదవండి.”

మామగారు చదివారు.

“మళ్ళీ.”

మళ్ళీ చదివారు. ఆవిడ కొడుకుని పిలిచి, “నువ్వు చూడరా, నీకు మంచి అద్దాలున్నాయి” అంది. అబ్బాయి చూసి, అదే ఏడాదన్నాడు. అప్పుడు పేజీ తిప్పనిచ్చింది.

బంధువులు సగం మంది అప్పటికే బయల్దేరి ఉంటారు, ఎక్కువ దూరం జరపడానికి లేదు. మామగారి వేలు అమావాస్య దాటింది. ఆదివారం పాడ్యమి. సోమవారం విదియ, కానీ పగలంతా కృత్తిక. అక్కడ ఆగింది.

“సోమవారం రాత్రి సగం దాటాక రోహిణి వస్తుంది. విదియ తెల్లవారుజాము దాకా ఉంది. శోభన యోగం, కౌలవ కరణం. పొద్దు పొడవకముందు ముడి పడాలి.”

“అర్ధరాత్రి దాటితే మంగళవారం కదా!” అంది ఆవిడ. “మంగళవారం నేను చచ్చినా ఒప్పుకోను.”

“పొద్దు పొడిచేదాకా సోమవారమేనమ్మా.”

ఆవిడ అనుమానంగా చూసింది. “ఇది పుస్తకం మాటా, మా వదినగారి మాటా? శనివారం నాడు ఆదివారం అన్నది ఆవిడేనట, ప్రెస్సాయన చెప్పాడు.”

“ఇది పుస్తకం మాట. వారానికి గడియారంతో పనిలేదు, సూర్యుడితోనే.”

“అయితే సూర్యుడొచ్చాడో లేదో ఎవరు చూస్తారు? గడియారాలు నేను నమ్మను, పురోహితుణ్ణి అసలే నమ్మను. మాటల్లో పడితే పొద్దెక్కిస్తాడు.”

“నేను చూస్తాను” అన్నారు మామగారు. “తూర్పు తిరిగి నేనే నిలబడతాను.”

తిరిగి వస్తుంటే మైదానం మలుపు దగ్గర ఆడపడుచు ఇంకా అక్కడే ఉంది. నేను చెయ్యూపాను. ఆ పిల్ల పరుగెత్తుకు రాలేదు, అక్కడే రాయి మీద కూర్చుని మొహం చేతుల్లో దాచుకుంది. దగ్గరికెళ్తే, “ఏడుస్తున్నానో నవ్వుతున్నానో తెలీడం లేదు, కాసేపు ఉండనీ వదినా” అంది.

కబురు అందనివాళ్ళు శనివారమే దిగారు. అత్తగారు వాళ్ళకి వండి వడ్డిస్తూ, “ముందే రావడం మంచిదే, మా ఇంటి పద్ధతే అది” అంది. అద్దెకి దీపాలు తెప్పించాం. విదియ చంద్రుడు సన్నగా పడమట కనపడి, చూసేలోగా దిగిపోయాడు.

పెళ్ళి మేడ మీద వద్దని, కింద హాల్లో పెట్టాం, మేడ ఖాళీగా ఉండాలని మామగారు పట్టుబట్టడంతో. తండ్రిగా తను చెయ్యవలసిందంతా చేశారు. కూతురి చెయ్యి వదిలిన మరుక్షణం తువ్వాలు భుజాన వేసుకుని మెట్లెక్కారు. ఆ తర్వాత పైనుంచి కేకలే.

“ఇంకా రాలేదు!”

“విన్నారా? కానివ్వండి” అని వియ్యపురాలు పురోహితుణ్ణి తొందరపెట్టేది.

“తూర్పు తెలుపెక్కుతోంది! సూర్యుడు మాత్రం రాలేదు!”

పురోహితుడికి చెమటలు పట్టాయి. “అమ్మా, నలభై ఏళ్ళుగా పెళ్ళిళ్ళు చేయిస్తున్నాను, ఇలా తరుముతూ ఎవరూ చేయించలేదు.”

“మీరు మంత్రం చదవండి, కబుర్లు మంగళవారం చెప్పుకుందాం.”

కళ్ళజోళ్ళ అబ్బాయి కంగారులో జోడు తీసి ఎక్కడో పెట్టేశాడు. ముడి వెయ్యడానికి వెతుక్కుంటుంటే ఆడపడుచే అతని చెయ్యి పట్టుకుని చోటు చూపించింది. ముడి పడింది. వియ్యపురాలు ఒక్కసారిగా కూర్చుండిపోయి, “ఇక పొడవమనండి” అంది.

గోలలో పైన ఉన్న మనిషిని అందరూ మర్చిపోయారు. ఆడపడుచుకే గుర్తొచ్చింది. మెడలో దండతోనే లేచి మెట్ల వైపు నడిచింది. నేను వెనక పరుగెత్తాను.

మామగారు పిట్టగోడ పట్టుకుని తూర్పుకి తిరిగి నిలబడి ఉన్నారు. కళ్ళజోడు మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుని, రెప్ప వెయ్యకుండా చూస్తున్నారు. మా అడుగుల చప్పుడు కూడా వినలేదు. “ఇంకా రాలేదు! కానివ్వండి! ఇంకా ఉంది!” అని అరుస్తున్నారు. గొంతు బొంగురుపోయింది. ఎదురుగా ఇళ్ళ పైకప్పుల వెనక ఎర్రటి గీత అప్పుడే పైకి లేస్తోంది.

“నాన్నా” అంది ఆడపడుచు. “అయిపోయింది. ఇటు తిరుగు.”

ఆయన తిరిగారు. కూతుర్ని చాలాసేపు చూశారు.